లేహ్యం తిన్నాక పెరిగిన మార్కులు

ఓ పిల్లాడికి లెక్కల్లో 40 వచ్చాయనుకుందాం. తరగతి సగటు 60. ఇంట్లో సరస్వతి లేహ్యం మొదలుపెట్టారు. తర్వాతి పరీక్షలో 52! లేహ్యం మహిమేనా?

మార్కుల్లో చదువుతోపాటు ఆ రోజు అదృష్టం కూడా ఉంటుంది: జ్వరం, చదవని పాఠంలోంచి ప్రశ్న. 40 దగ్గర ఆగినవాళ్లలో చాలామందికి ఆ రోజు కలిసిరాలేదు. అదే దురదృష్టం మళ్లీ రావాలని లేదు. రెండు పరీక్షల సహసంబంధం 0.6, సగటూ, ప్రామాణిక విచలనమూ మారలేదనుకుంటే, 20 మార్కుల లోటు 12కి తగ్గుతుంది. అంటే ఏ మందూ లేకుండానే సగటున 48. మిగతా 4 మామూలు హెచ్చుతగ్గులే కావచ్చు.

90 వచ్చినవాళ్లూ ఇలాగే సగటున 78కి దిగుతారు. అప్పుడు మాత్రం దిష్టి అంటాం! తల్లిదండ్రుల, పిల్లల ఎత్తుల్లో గాల్టన్ 1886లో వివరించింది ఈ సంగతే.

లేహ్యాన్ని పరీక్షించాలంటే, తక్కువ మార్కులవాళ్లలో చీటీలు వేసి సగంమందికే ఇచ్చి, రెండు జట్ల సగటులనూ పోల్చాలి.