ప్యాకేజీ అంకె ఒకటి, చేతికొచ్చే జీతం ఒకటి
(ప్రైవేటు ఉద్యోగాల్లో ఉన్న స్త్రీల కోసం ఏర్పాటైన శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను జీతం లెక్క గురించి మాట్లాడమన్నారు. సూత్రాలతో కాకుండా, ఒక అమ్మాయి మా దగ్గరికి తెచ్చిన రెండు జీతం చీటీలతో మొదలుపెడతాను.

ఆమె హైదరాబాదులో ఒక ప్రైవేటు కంపెనీలో కొత్తగా చేరింది. వారానికి ఆరు రోజుల పని. ఏడాదికి 5,40,000 రూపాయల ప్యాకేజీ అని కాగితం మీద రాసిచ్చారు. పన్నెండుతో భాగించుకుంటే నెలకు 45,000. ఆ లెక్క నమ్ముకునే గది అద్దెకు తీసుకుంది, ఊళ్లో అమ్మకు నెలనెలా డబ్బు పంపుతానని మాటిచ్చింది. మొదటి నెల బ్యాంకులో పడింది 37,000. రెండో నెల 32,500. "అక్కా, నన్ను మోసం చేస్తున్నారా?" అని అడిగింది.

చీటీలు రెండూ పక్కపక్కన పెట్టి చూశాం. మొదటి నెల లెక్క సరిగానే ఉంది, కాకపోతే ఆమెకు ఎవరూ విడమరిచి చెప్పలేదు. రెండో నెల లెక్క మాత్రం తప్పు. ఏది తప్పో, ఏది కాదో ఆమెలాగే మనమూ పోల్చుకోగలగాలి.

ముందు ప్యాకేజీ అంటే ఏమిటో చూద్దాం. ఆ మాటకు అర్థం మీ జీతం అని కాదు. మిమ్మల్ని పనిలో పెట్టుకున్నందుకు కంపెనీకి ఏడాదికి అయ్యే మొత్తం ఖర్చు అని. ఆ ఖర్చులో కొంత నెలనెలా మీ చేతికి రాదు. ఈ అమ్మాయి కాగితంలో చివరి పేజీలో చిన్న అక్షరాలతో ఒక పట్టిక ఉంది. ఏడాది చివర పనితీరును బట్టి ఇచ్చే మొత్తం 30,000, అంటే నెలకు 2,500. ప్రావిడెంట్ ఫండులో యజమాని వాటా నెలకు 1,800. గ్రాట్యుటీ కింద 1,250. ఆరోగ్య బీమా ప్రీమియం 450. ఈ నాలుగూ కలిపితే 6,000. 45,000లోంచి అవి తీసేస్తే మిగిలేది 39,000. దీన్నే గ్రాస్ జీతం అంటారు. అందులో మూలవేతనం, అంటే బేసిక్, 26,000. ఇంటి అద్దె భత్యం 13,000.

కాబట్టి ఉద్యోగంలో చేరేముందు అడగవలసిన ప్రశ్న "ప్యాకేజీ ఎంత?" అని కాదు, "నెలకు గ్రాస్ ఎంత?" అని. గ్రాట్యుటీ గురించి కూడా ఒక మాట. అది మామూలుగా అయిదేళ్లు నిండా పనిచేసినవారికే వస్తుంది. నిర్ణీత కాలానికి కాంట్రాక్టు మీద తీసుకున్నవారికి కొత్త చట్టం కింద ఏడాదికే వస్తుంది. శాశ్వత ఉద్యోగంలో చేరి మూడేళ్లకు మానేసిన అమ్మాయికి ఆ నెలకు 1,250 ప్యాకేజీలో అంకెగానే మిగిలిపోతుంది.

ఇక 39,000 నుంచి జరిగే కోతలు. మొదటిది ప్రావిడెంట్ ఫండ్. వేతనంలో నూటికి 12 మన వాటా. అయితే నిర్బంధంగా కోయడానికి చట్టం పెట్టిన పరిమితి ఒకటుంది. 2014 సెప్టెంబరులో దాన్ని నెలకు 15,000గా నిర్ణయించారు. 15,000 మీద 12 శాతం 1,800. ఈమె బేసిక్ 26,000 అయినా కంపెనీ ఆ పరిమితి మేరకే కోస్తోంది. కొన్ని కంపెనీలు మొత్తం బేసిక్ మీద కోస్తాయి. అప్పుడు ఇదే అమ్మాయికి 3,120 పోతుంది. అది తప్పు కాదు, ఆ డబ్బు ఆమె ఖాతాలోనే చేరుతుంది. కానీ ఇంటి ఖర్చు లెక్క వేసుకునేటప్పుడు ఏ పద్ధతో తెలిసి ఉండాలి.

రెండోది వృత్తి పన్ను. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ నెల జీతం 15,000 దాకా పన్ను లేదు. 15,000 దాటి 20,000 వరకు 150 రూపాయలు, ఆపైన 200. ఏ రాష్ట్రమైనా ఏడాదికి 2,500కు మించి వసూలు చేయరాదని రాజ్యాంగంలోని 276వ అధికరణం చెబుతోంది. మహారాష్ట్రలో 2023 నుంచి నెలకు 25,000 దాకా జీతం ఉన్న స్త్రీలకు ఈ పన్ను లేదు. మన దగ్గర స్త్రీలకు అటువంటి మినహాయింపు లేదు.

39,000లోంచి 1,800, 200 తీసేస్తే 37,000. మొదటి నెల చీటీలో ఉన్నది సరిగ్గా ఇదే.

ప్రావిడెంట్ ఫండ్ కోసినంత మాత్రాన జమ అయిందని అనుకోకండి. కోసిన నెల తరువాతి నెల 15వ తేదీ లోపల యజమాని రెండు వాటాలూ కట్టాలి. మీ పాస్‌బుక్కు తెరిచి చూసుకోండి. అందులో మీ వాటా 1,800 ఉంటుంది, యజమాని వాటా దగ్గర 550 మాత్రమే కనిపిస్తుంది. చాలామంది అక్కడ కంగారుపడతారు. మిగిలిన 1,250 పింఛను నిధికి వెళుతుంది, పక్క వరుసలో ఉంటుంది. రెండూ కలిస్తే 1,800 కావాలి. చీటీలో కోత ఉండి పాస్‌బుక్కులో జమ లేకపోతే అది తీవ్రమైన విషయం. ప్రావిడెంట్ ఫండ్ కార్యాలయానికి ఫిర్యాదు చేయవలసిందే. మరొకటి. గ్రాస్ 39,000 అని ఒప్పుకున్నాక అందులోంచి మీ వాటా 1,800తో పాటు యజమాని వాటా 1,800 కూడా కోస్తే, అది చట్టం ఒప్పని పని. యజమాని తన వాటాను కార్మికురాలి వేతనం నుంచి రాబట్టుకోకూడదు.

ఇప్పుడు రెండో నెల. అమ్మకు జ్వరం ఎక్కువై ఆసుపత్రిలో చేర్చారని తెలిసి ఈమె శనివారం, సోమవారం పనికి వెళ్లలేదు. కొత్తగా చేరింది కనుక సెలవులు జమకాలేదు. జీతం లేని సెలవుగా రాసుకున్నారు. దాన్నే ఆఫీసుల్లో లాస్ ఆఫ్ పే అంటారు. రెండు రోజులకు కోత ఉంటుందని ఆమెకూ తెలుసు. కానీ చీటీలో ఆ పద్దు కింద 4,500 ఉంది.

ఆ అంకె ఎలా వచ్చిందో చూడండి. ఆ నెలకు 30 రోజులు, నాలుగు ఆదివారాలు, అంటే పనిదినాలు 26. కంపెనీ 39,000ను 26తో భాగించి రోజుకు 1,500 అంది. ఆ తరువాత శనివారానికీ సోమవారానికీ మధ్య ఆదివారం ఉంది కనుక దాన్నీ సెలవులో కలిపి మూడు రోజులు అంది. మూడు పదిహేను వందలు 4,500.

ఇందులో తిరకాసు ఎక్కడ? 26తో భాగించినప్పుడే ఆదివారాలను లెక్కలోంచి తీసేశారు. అంటే నెల జీతమంతా ఆ 26 పనిదినాలదే అన్నారు. కోసేటప్పుడు మాత్రం ఆదివారానికి కూడా ఒక రోజు జీతం కోశారు. లెక్క కట్టేటప్పుడు లేని ఆదివారం కోతలో ఎక్కడి నుంచి వచ్చింది?

దీన్ని తేల్చడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. నెలంతా పనికి రాకపోతే ఎంత కోస్తారని అడగండి. ఈ కంపెనీ పద్ధతిలో ముప్పై రోజులకు రోజుకు 1,500 చొప్పున 45,000 అవుతుంది. నెల జీతమే 39,000. ఉన్న జీతం కంటే కోత ఎక్కువ వచ్చిందంటే ఆ పద్ధతి తప్పన్నమాట.

చట్టం కూడా ఇదే చెబుతోంది. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టంలో ఉన్న సూత్రమే 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన వేతనాల కోడ్‌లోనూ ఉంది. పనిచేయవలసిన కాలంలో ఎంత భాగం రాలేదో, వేతనంలో అంత భాగానికి మించి కోయరాదు. ఈమె పనిచేయవలసినవి 26 రోజులు, రానివి రెండు. ఆదివారం ఆమె పనికి రావలసిన రోజే కాదు. కాబట్టి 39,000లో ఇరవయ్యారింట రెండు వంతులు, అంటే 3,000 దాకా కోయవచ్చు. మిగిలిన 36,000లోంచి 1,800, 200 పోతే 34,000 ఆమె చేతికి రావాలి. వచ్చింది 32,500. ఆమెకు రావలసిన బాకీ 1,500.

కొన్ని కంపెనీలు 30తో భాగిస్తాయి. అప్పుడు రోజుకు 1,300, రెండు రోజులకు 2,600. అది ఉద్యోగినికి ఇంకా మేలు. ఏ అంకెతో భాగించినా ఏడాది పొడుగునా అదే వాడాలి. పనికి రాని నెలలో ఒక అంకె, మధ్యలో చేరిన నెలలో ఇంకొక అంకె వాడుతుంటే అనుమానించాలి.

తక్కువ జీతాల వాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. జీతం లేని సెలవు పెట్టిన నెలలో ప్రావిడెంట్ ఫండ్ కూడా తగ్గాలి, ఎందుకంటే 12 శాతం ఆ నెల సంపాదించిన వేతనం మీదే. బేసిక్ 12,000 ఉన్న ఆమెకు ముప్పై రోజుల్లో అయిదు రోజులు కోస్తే మిగిలిన బేసిక్ 10,000. అప్పుడు ప్రావిడెంట్ ఫండ్ 1,440 కాదు, 1,200. మన అమ్మాయికి సెలవు కోత తరువాత కూడా బేసిక్ 15,000 పైనే ఉంది కనుక 1,800 మారలేదు.

లెక్క కంటే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. ఆ సెలవు నిజంగా జీతం లేని సెలవేనా? చట్టం కింద అర్హత ఉన్న స్త్రీకి ప్రసూతి సెలవు మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలు వేతనంతో ఇవ్వాలి. గర్భస్రావమైతే ఆరు వారాలు. గర్భం వల్లనో కాన్పు వల్లనో జబ్బు చేస్తే మరో నెల దాకా. కాన్పు తేదీకి ముందు పన్నెండు నెలల్లో కనీసం 80 రోజులు ఆ యజమాని దగ్గర పనిచేసి ఉంటే చాలు. గర్భస్రావమైన స్త్రీలు సిగ్గుపడో, బాధతోనో కారణం చెప్పక "సెలవు" అని మాత్రమే రాస్తారు. ఆఫీసు దాన్ని లాస్ ఆఫ్ పేలో వేస్తుంది. వైద్యుని చీటీతో కారణం రాసి ఇస్తే ఆ ఆరు వారాల వేతనం ఆమె హక్కు. మన కార్యకర్తలు చీటీలో పెద్ద కోత కనిపించినప్పుడు ముందు ఈ సంగతి నెమ్మదిగా అడిగి తెలుసుకోవాలి.

ఆ అమ్మాయి ఏం చేసిందని అడుగుతారు. గొడవ పెట్టుకోలేదు. ఒక పేజీ ఉత్తరం రాసింది. పనిదినాలు 26, రాని రోజులు రెండు, కోయదగింది 3,000, కోసింది 4,500, ఎక్కువ కోసింది 1,500 అని వరుసగా రాసి, జీతం చీటీ నకలు జతచేసి, అందినట్టు సంతకం తీసుకుంది. వేతన చీటీ ఇవ్వడం యజమాని బాధ్యత. ఇలాంటి బాకీ కోసం మూడేళ్ల లోపల అధికారి ముందు క్లెయిము వేయవచ్చు. అందుకే ఏ నెల చీటీనీ పారేయకండి.

తరువాతి నెల జీతంలో ఆ 1,500 కలిపి ఇచ్చారు. కానీ ఆదివారాన్ని కలిపి కోసే ఆ నియమాన్ని కంపెనీ ఇంకా మార్చలేదు. పక్క బల్ల మీద పనిచేసేవాళ్లకు పోయిన నెల కూడా అదే లెక్కన కోశారు. ఇప్పుడు ఆమె వాళ్ల చీటీలు కూడా అడిగి తెస్తోంది. వచ్చే నెల కూర్చుని వాటిని లెక్క కట్టబోతున్నాం.