వాలని టేపు

మన సిరొంచ కలప డిపోలో దుంగలు కొలిచి, ఇటీవల కనుమూసిన అన్నగారిని గూర్చి ఒక్క మాట మనవి చేస్తాను.

టేకు దుంగ నడిమి చుట్టుకొలతలో నాలుగవ వంతును దానితోనే హెచ్చవేసి, పొడవుతో గుణిస్తాము. చుట్టు 120 సెంటీమీటర్లు, పొడవు 3 మీటర్లు అయితే 0.27 ఘనపు మీటర్లు. దుంగ క్రింద టేపు వాలి 124 చూపితే అదే 0.288 అవుతుంది. లేని కలపకు కొన్నవాడు సొమ్ము చెల్లించాలి.

అందుకే అన్నగారు నడుము నొప్పిలోను వంగి, అవతలి వైపు టేపు సరిచేసి, అప్పుడే అంకె పలికేవారు. రిజిస్టరులో మరాఠీలో వ్రాసి, హమాలీలకు తెలుగులో వినిపించేవారు. కొన్నవారికి గాని, మోసినవారికి గాని అనుమానము మిగిలేది కాదు.

ఆ టేపు ఇప్పుడు నా చేతికి వచ్చినది. వంగి చూడనిదే అంకె పలుకను. వారికి నా నమస్సులు.