స్టూడెంట్ ఫేర్‌తో టికెట్ కొన్నారా? కౌంటర్‌లో ఏం అడుగుతారో ముందే తెలుసుకోండి

ఫ్లైట్ టికెట్ యాప్‌లో ఊరి పేర్లు, తేదీ కొట్టే చోట కింద Student అని చిన్న బటన్ ఉంటుంది కదా, ఈ రోజు దాని గురించి మాట్లాడుకుందాం. దాన్ని నొక్కితే రేటు కొంచెం తగ్గుతుంది. ఆ టైమ్‌లో యాప్ మీ కార్డు చూపించమని సాధారణంగా అడగదు. అడిగేది ఎయిర్‌పోర్టులో. నేను శంషాబాద్‌లో ఒక ఎయిర్‌లైన్ చెక్-ఇన్ కౌంటర్‌లో మూడేళ్లు పనిచేశాను కాబట్టి అవతలి వైపు నుంచి ఇది ఎలా ఉంటుందో చెప్తాను.

ముందు ఒక తేడా పట్టుకోండి. ఎయిర్‌పోర్టులో మిమ్మల్ని రెండు వేరువేరు ప్రశ్నలు అడుగుతారు. గేటు దగ్గర సీఐఎస్ఎఫ్ వాళ్లు అడిగేది 'నువ్వు ఎవరు?' అని. దానికి ఆధార్, పాస్‌పోర్ట్, ఓటర్ కార్డ్ లాంటివి సరిపోతాయి. చెక్-ఇన్ కౌంటర్‌లో ఎయిర్‌లైన్ వాళ్లు అడిగేది 'నువ్వు స్టూడెంట్‌వేనా?' అని. దీనికి ఆధార్ పనికిరాదు, అందులో మీరు చదువుతున్నారని ఎక్కడా ఉండదు కదా. డిజియాత్రలో ముఖం చూపించి లోపలికి వచ్చేసినా అంతే, అది మొదటి ప్రశ్నకే జవాబు. ఇంకోటి, గేటు దగ్గర ఒప్పుకునే గుర్తింపుల లిస్టులో స్టూడెంట్ కార్డు ఉంది కానీ, అది ప్రభుత్వ విద్యాసంస్థ ఇచ్చిన ఫొటో కార్డు అయి ఉండాలి. ప్రైవేట్ కాలేజీ కార్డు ఒక్కటే పట్టుకుని బయల్దేరకండి. రెండూ ఉండాలి.

సరే, కౌంటర్‌లో మీ కార్డు తీసుకుని మేం ఏం చూసేవాళ్లం? మూడే మూడు. ఒకటి, కార్డు మీద పేరు, టికెట్ మీద పేరు ఒకే మనిషివేనా. మన దగ్గర ఇంటిపేరు కార్డులో ఒక అక్షరంగా, టికెట్‌లో పూర్తిగా ఉండటం మామూలే. ఫొటో, ఆధార్ పక్కన పెట్టి చూస్తే అది చాలాసార్లు తేలిపోతుంది. రెండు, ఇచ్చింది ఎవరు. గుర్తింపు ఉన్న స్కూలా, కాలేజీయా, యూనివర్సిటీయా. మూడు, ప్రయాణం చేసే రోజున ఆ కార్డు చెల్లుతుందా. మీరు బుక్ చేసిన రోజు కాదు, ఎక్కే రోజు. దీనికి తోడు వయసు కనీసం 12 ఏళ్లు నిండాలని ఇండిగో, ఎయిర్ ఇండియా రెండూ పెట్టాయి.

ఎక్కువ మంది దొరికిపోయేది రెండోదాని దగ్గర, మూడోదాని దగ్గర. ఒక కేసు చెప్తాను. డిగ్రీ అయిపోయి, సివిల్స్ కోచింగ్ కోసం ఢిల్లీ వెళ్తున్న అబ్బాయి. టికెట్ వాళ్ల ఊళ్లో ఏజెంట్ తీశాడు, స్టూడెంట్ ఫేర్‌లో. కౌంటర్‌కి వచ్చి బ్యాగ్ బెల్ట్ మీద పెడితే 23 కిలోలు. కార్డు అడిగితే కోచింగ్ సెంటర్ కార్డు ఇచ్చాడు. 'ఇది కాదండీ, కాలేజీది కావాలి' అంటే డిగ్రీ కార్డు తీశాడు. దాని మీద గడువు అంతకు ముందు ఏడాదే అయిపోయింది.

'నేను నిజంగానే చదువుకుంటున్నా కదా మేడమ్' అన్నాడు. నిజమే. కానీ రూల్‌లో ఉన్నది చదువుకోవడం గురించి కాదు, విద్యాసంస్థలో చేరి ఉండటం గురించి. కోచింగ్ సెంటర్ ఆ లెక్కలోకి రాదు.

ఇప్పుడు డబ్బు లెక్క చూద్దాం. సులువుగా ఉండటానికి గుండ్రటి అంకెలు వేస్తున్నా. మామూలు టికెట్ 5,200 అనుకోండి. అందులో బేస్ ఫేర్ 4,000, మిగతాది ఎయిర్‌పోర్ట్ ఫీజులు, ట్యాక్సులు. పది శాతం తగ్గింపు అని రాసినా అది బేస్ ఫేర్ మీదే, అంటే దాదాపు 400 మిగిలింది. స్టూడెంట్ ఫేర్‌లో అసలు లాభం ఇది కాదు, లగేజీ. దేశంలో తిరిగే ఫ్లైట్లలో మామూలుగా 15 కిలోలు ఇస్తే, ఇండిగో లాంటి వాటిలో స్టూడెంట్‌కి ఇంకో 10 కిలోలు కలుపుతారు. అందుకే హాస్టల్‌కి వెళ్లేవాళ్లకి ఇది బాగా పనికొస్తుంది. కానీ రుజువు లేకపోతే ఆ 10 కిలోలు కూడా పోతాయి. ఆ అబ్బాయి బ్యాగ్‌లో 8 కిలోలు ఎక్కువ. ఎయిర్‌పోర్టులో కిలోకి 600 అనుకుంటే 4,800. దానికి తోడు టికెట్ మామూలు ఫేర్‌కి మార్చాలంటే తేడా కట్టాలి. ఆ తేడా బుక్ చేసిన రోజు రేటుతో చూడకుండా, కౌంటర్‌లో నిలబడ్డ ఆ రోజు రేటుతో చూస్తే ఇంకా పెరుగుతుంది. 400 కోసం వెళ్తే వేలల్లో పడుతుంది. కొన్ని ఎయిర్‌లైన్ల షరతుల్లో అయితే రుజువు లేకపోతే ఎక్కనివ్వకపోవచ్చు అని కూడా ఉంటుంది.

మరి ఇలాంటి టికెట్ మీ చేతిలో ఉందో లేదో ఎలా తెలుస్తుంది? ఏజెంటో, అన్నయ్యో టికెట్ తీసి పంపితే, కన్ఫర్మేషన్ మెయిల్ తెరిచి ఫేర్ రకం దగ్గర చూడండి. Student అని ఉన్నా, మీరు డబ్బు కట్టకుండానే లగేజీ 25 కిలోలని ఉన్నా, అది స్టూడెంట్ ఫేరే అయ్యుండొచ్చు. రుజువు లేదంటే ఇంట్లో ఉండగానే ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేసి మార్చుకోండి, లేదా క్యాన్సిల్ చేసి మామూలు ఫేర్‌లో తీసుకుని లగేజీ ఆన్‌లైన్‌లో ముందే కొనండి. ఎయిర్‌పోర్టులో కొనేదానికన్నా అది మామూలుగా తక్కువే పడుతుంది.

అమ్మనో నాన్ననో తోడు తీసుకెళ్తుంటే వాళ్లని మీ బుకింగ్‌లో కలపకండి. బటన్ నొక్కితే అందరికీ స్టూడెంట్ ఫేరే పడుతుంది, కౌంటర్‌లో నాన్నగారి కార్డు కూడా అడుగుతారు. వాళ్లకి వేరే పీఎన్ఆర్ తీయండి.

కొత్తగా కాలేజీలో చేరి ఇంకా కార్డు రాని వాళ్లు ఆఫీసులో బోనఫైడ్ సర్టిఫికెట్ తీసుకోండి, ఫొటో అంటించి స్టాంపు వేయించుకుని. కానీ కొన్ని చోట్ల కార్డే కావాలంటారు, కాబట్టి టికెట్ కొనేముందు ఆ ఎయిర్‌లైన్ పేజీలో ఏవి ఒప్పుకుంటారో చదవండి. అమెరికా లాంటి చోటికి మొదటిసారి వెళ్తుంటే అక్కడి కార్డు మీ దగ్గర ఉండదు. అలాంటప్పుడు అడ్మిషన్ లెటర్, పాస్‌పోర్ట్‌లో స్టూడెంట్ వీసా, అమెరికాకైతే I-20 పనికొస్తాయి. వీటిని చెక్-ఇన్ బ్యాగ్‌లో పెట్టేయకండి, చేతి బ్యాగ్‌లో ఉంచుకోండి.

చివరగా యూత్ ఫేర్. ఇది స్టూడెంట్ ఫేర్ కాదు. ఇక్కడ చూసేది వయసు మాత్రమే, ఉద్యోగం చేస్తున్నా ఫరవాలేదు. పుట్టినతేదీ ఉన్న పాస్‌పోర్ట్ చాలు. వయసు హద్దు ఒక్కో ఎయిర్‌లైన్‌లో ఒక్కోలా ఉంటుంది, మధ్యలో పుట్టినరోజు వస్తుంటే ప్రయాణం నాటికి ఎన్నేళ్లో లెక్క వేసుకోండి.

అన్నీ సరిగ్గా ఉన్నా కౌంటర్‌లో డబ్బు కట్టమంటే, గొడవ పడకుండా 'ఏ షరతు ప్రకారం, చూపించండి' అని అడగండి. కట్టాల్సి వస్తే రసీదు తీసుకోండి. రసీదు, కార్డు ఫొటో పెట్టి మొదట ఎయిర్‌లైన్‌కి రాయండి, అక్కడ తేలకపోతే కేంద్ర విమానయాన శాఖ వాళ్ల ఎయిర్‌సేవా యాప్‌లో ఫిర్యాదు చేయండి.

ఇప్పుడే మీ కార్డు తీసి గడువు తేదీ ఒకసారి చూడండి. డౌట్ ఉంటే కామెంట్‌లో అడగండి. ఉంటాను.