స్లయిడ్ టైటిల్‌లో ‘సమస్య’ అని రాసి వదిలేస్తున్నారా?

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి నుంచి మెసేజ్‌లన్నీ ఒకటే అడుగుతున్నాయి: “అన్నా, ఇన్వెస్టర్‌కు డెక్ పంపినం, జవాబు రాలే.” మీరు పంపిన డెక్‌లు తెరిస్తే టైటిళ్లు ఇవీ: సమస్య, పరిష్కారం, మార్కెట్, టీమ్.

దీనికి తోడు షార్ట్స్‌లో ఒకటే సలహా, “టైటిల్ ఒక్క మాటే ఉండాలి” అని. అది స్టేజీ మీద నిలబడి మాట్లాడేవాళ్లకు. మెయిల్‌లో వెళ్లిన పీడీఎఫ్ పక్కన మీరుండరు కదా! 2015లో డాక్‌సెండ్ అనే కంపెనీ 200 స్టార్టప్‌ల డెక్‌లు చూస్తే, ఇన్వెస్టర్ సగటున చూసింది 3 నిమిషాల 44 సెకన్లు. ఇరవై స్లయిడ్లుంటే ఒక్కోదానికి 11 సెకన్లు. ఆ టైంలో చదివేది టైటిలే.

మహబూబాబాద్‌లో మిర్చి డ్రయర్ చేసే కుర్రాళ్లనుకుందాం. అంకెలు ఉదాహరణకే. ‘సమస్య’ తీసేసి ఇలా రాయండి: “కల్లంలో ఆరేటప్పుడు వాన పడితే మిర్చికి బూజు పట్టి ధర పడిపోతుంది.” తర్వాతది: “మా డ్రయర్‌లో మిర్చి 4 రోజుల్లో ఆరుతుంది.” ‘ట్రాక్షన్’ బదులు: “12 మంది రైతులు వాడారు, 9 మంది మళ్లీ అద్దెకు తీసుకున్నారు.” చివరిది: “20 డ్రయర్లు కట్టడానికి 40 లక్షలు కావాలి.” టైటిల్ అంటే పూర్తి వాక్యం, చివర క్రియ ఉండాలి.

కింద బొమ్మ ఆ వాక్యాన్ని మాత్రమే రుజువు చేయాలి. 4 రోజులన్నారా, తేమ రోజురోజుకీ ఎలా తగ్గిందో గ్రాఫ్ పెట్టండి, డ్రయర్ ఫొటో కాదు. కొలవలేదా? అయితే “ఆరుతుంది” అనకండి, “ఒక రైతు దగ్గర ఆరింది” అనండి. ఉన్నంతే చెప్తే ఇన్వెస్టర్లు అడిగినా మీరు నిలబడతారు.

ఇక నాకు పిచ్చి ఇష్టమైన సెట్టింగ్. పవర్‌పాయింట్‌లో View, Outline View నొక్కండి. టైటిళ్లన్నీ వరసగా ఎడమ పక్కన వస్తాయి. ఖాళీ కనిపిస్తే మీరు టైటిల్ పెట్టెలో కాక మామూలు టెక్స్ట్ బాక్స్‌లో టైప్ చేశారన్నమాట. నేను బొమ్మలు పెట్టకముందే ఇక్కడ టైటిళ్లు రాసేస్తా. ఇంకోటి, టైటిల్ పెట్టె మీద రైట్ క్లిక్, Format Shape, Text Options, Text Box, Do not Autofit. లేదంటే వాక్యం పెరిగేకొద్దీ అక్షరాలు చిన్నవైపోతాయి, మీకు తెలియదు. 28 సైజులో రెండు వరసలు దాటితే వాక్యం కోయండి, సైజు తగ్గించకండి.

మధ్యలో వచ్చినవాళ్లకు మళ్లీ చెప్తున్నా: టైటిల్ పూర్తి వాక్యం, కింద దాని రుజువు.

ఇప్పుడు ఆ టైటిళ్లు మాత్రమే కాపీ చేసి, మీ బిజినెస్ తెలియని బావకో పెద్దమ్మకో వాట్సాప్ చేయండి. చదువుతూ ఏ రెండు టైటిళ్ల మధ్య “అదెట్ల?” అని ఆగారో, అక్కడ ఒక స్లయిడ్ తక్కువుంది.