స్వాస్థ్య సాథి జాబితాలో మన జబ్బు ఎక్కడుంది?

(ఖరగ్‌పూర్ ప్రేమ్ బజార్‌లో తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన తాతలు రైల్వే పనికి ఈ ఊరొచ్చారు. పర్మనెంటు ఉద్యోగమున్న ఇంటికి రైల్వే ఆసుపత్రి ఉంది. కాంట్రాక్టు పారిశుధ్య పని చేసేవాళ్లకు, ఇళ్లలో పనికి పోయేవాళ్లకు అది లేదు. వాళ్ల చేతిలో ఉన్నది స్వాస్థ్య సాథి కార్డు. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 2016 డిసెంబరులో ఈ పథకం మొదలుపెట్టింది. కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు వైద్యం. కార్డు ఇంటి ఆడమనిషి పేరున ఉంటుంది. భార్యాభర్తలిద్దరి తల్లిదండ్రుల పేర్లూ అందులో చేర్చవచ్చు.

కార్డు ఉంది కదా, మరి ఆసుపత్రిలో 'ఇది కవర్ కాదు' అన్నప్పుడు మనమెందుకు నోరు మూసుకుని తిరిగొస్తున్నాం? ఆ మాట నిజమో కాదో మనకు తెలియదు కాబట్టి. తెలుసుకునే దారి ఏమిటో మా పక్కింటి వదిన సంగతితో చెబుతాను.

వదినకు కుడిపక్క డొక్కలో నొప్పి, వాంతులు. ఒక ప్రైవేటు నర్సింగ్ హోముకు తీసుకెళ్లాం. 'చేర్చుకుని పరీక్షలు చేస్తాం, కానీ కార్డు పనిచేయదు' అన్నారు. నాకు కోపమొచ్చింది. తర్వాత నిబంధనలు చదివితే, ఆ ఒక్క మాటలో వాళ్లు చెప్పింది సరైనదేనని తేలింది. ఈ పథకం ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సకు. ఓపీలో చూపించుకోవడానికి, పరీక్షల కోసమే చేరడానికి డబ్బు ఇవ్వదు. అందుకే ప్రభుత్వాసుపత్రి ఓపీలో స్కానింగ్ చేయించాం. పిత్తాశయంలో రాళ్లు, ఆపరేషన్ చేయాలని డాక్టరు రాశారు.

ఇప్పుడు జాబితా తీశాం. swasthyasathi.gov.in లో ప్యాకేజీల పట్టిక ఉంటుంది. అందులో 'రాళ్లు' అని వెతికితే దొరకదు, 'కడుపునొప్పి' అని వెతికినా దొరకదు. పట్టికలో ఉండేవి జబ్బుల పేర్లు కావు, చేసే చికిత్సల పేర్లు. పిత్తాశయం తీసేసే ఆపరేషన్ పేరు Cholecystectomy. అది జనరల్ సర్జరీ విభాగం కింద ఉంటుంది. పొట్ట కోసి చేసేది ఒక వరుస, లాప్రోస్కోపీతో చేసేది ఇంకో వరుస. దేని రేటు దానిదే. అందుకే డాక్టరును అడగాల్సింది 'ఏం జబ్బు' అని మాత్రమే కాదు, 'చేసే ఆపరేషన్ పేరు చీటీ మీద రాయండి' అని కూడా.

చికిత్స పట్టికలో ఉందంటే పని సగమే అయింది. ఆ ఆసుపత్రి పథకంలో ఉండాలి, అదీ ఆ విభాగానికి ఉండాలి. కళ్లకు మాత్రమే నమోదైన చోట పిత్తాశయం ఆపరేషన్ కార్డు మీద జరగదు. అదే వెబ్‌సైటులో జిల్లా ఎంచుకుని ఆసుపత్రులూ వాటి విభాగాలూ చూడవచ్చు. ఇంకో మెలిక కూడా ఉంది. కొన్ని చికిత్సలను ప్రభుత్వాసుపత్రులకే పరిమితం చేస్తూ ఆరోగ్య శాఖ ఉత్తర్వులిస్తుంది. అప్పుడు ప్రైవేటు కౌంటరులో 'కవర్ కాదు' అంటారు. దాని అసలు అర్థం 'ఇక్కడ కాదు' అని. ఆ తేడా తెలియక మనిషి అప్పు చేస్తాడు. కాబట్టి 'జాబితాలోనే లేదా, లేక మీ ఆసుపత్రికి లేదా?' అని అడగండి.

వదినను జనరల్ సర్జరీకి నమోదైన ఇంకో ఆసుపత్రిలో చేర్చాం. వాళ్లు కార్డు, వేలిముద్ర తీసుకుని ముందస్తు అనుమతికి పంపారు. లాప్రోస్కోపీ ప్యాకేజీకి అనుమతి వచ్చింది. ఆపరేషన్ రోజు పొద్దున ఒకాయన వచ్చి 'మత్తుమందుకూ మందులకూ వేరేగా కట్టాలి' అన్నాడు. ప్యాకేజీ అంటే బెడ్, డాక్టరు, మత్తుమందు, ఆపరేషన్ థియేటరు, మందులు, తిండి అన్నీ కలిపిన ధర. ఆ మాట నిబంధనల్లో ఉన్న పేజీ ఫోనులో తెరిచి, 'వేరే డబ్బు ఎందుకో కాగితం మీద రాసివ్వండి' అన్నాం. రాయలేదు, మళ్లీ అడగలేదు. అప్పటికీ వినకపోతే 18003455384 కు ఫోన్ చేద్దామనుకున్నాం. అది పథకం వాళ్ల ఉచిత నంబరు.

అయినా వదినకు కొంత ఖర్చు తప్పలేదు. అంతకుముందు బయట కొన్న మందుల డబ్బు తిరిగి రాలేదు, రాదు కూడా. ఇది నగదు లేకుండా చేసే వైద్యం. మనం ముందు కట్టేసి, తర్వాత బిల్లు పెట్టి రాబట్టుకునే పద్ధతి కాదు. 'ఇప్పుడు కట్టండి, తర్వాత వస్తుంది' అని ఎవరన్నా నమ్మకండి.

శ్రీకాకుళంలో ఉన్న మన బంధువులు 'మా ఆరోగ్యశ్రీలో ఇది ఉంది' అంటారు. ఉండొచ్చు. 2007లో మొదలైన ఆ పథకం జాబితా వేరు, మన జాబితా వేరు. వాళ్ల మాట మీద ఇక్కడ చేరకండి. జాబితాలూ రేట్లూ మారుతుంటాయి కాబట్టి పాత జిరాక్సు మీదా ఆధారపడకండి. చేరే రోజున చూసుకోండి.

మన వాడలో పదో తరగతి చదివిన పిల్ల ఎవరైనా ఈ పట్టిక చదవగలదు. డాక్టరు చీటీ మీద ఆపరేషన్ పేరు రాయించుకుని రండి, కలిసి వెతుకుదాం. జై భీమ్.