దుప్పుల లెక్కలో అడ్డదూరం

పాత ఆదిలాబాద్ జిల్లాలో కవ్వాల్ పులుల అభయారణ్యం ఉంది. అక్కడ పులికి ఆహారమైన దుప్పులు ఎన్ని ఉన్నాయో ఎలా తెలుస్తుంది? అన్నీ కంటపడవు కదా!

అందుకే సుమారు 2 కిలోమీటర్ల తిన్నని గీత వెంట పొద్దున్నే చప్పుడు లేకుండా నడుస్తారు. టేకు చెట్ల మధ్య దుప్పుల మంద కనిపించిందనుకోండి. ఎన్ని ఉన్నాయో లెక్కపెడతారు. రేంజ్‌ఫైండర్‌తో దూరం చూస్తారు: 60 మీటర్లు. దిక్సూచితో గీతకు కోణం చూస్తారు: 30 డిగ్రీలు. అంటే గీత నుంచి మందకు అడ్డదూరం 30 మీటర్లు. మనకు కావలసింది ఈ అడ్డదూరమే.

ఎందుకంటే, గీతకు దూరమయ్యేకొద్దీ జంతువులు తక్కువగా కంటపడతాయి. ఆ తగ్గుదలను చూపే వక్రరేఖే గుర్తింపు ప్రమేయం. సగమే కంటపడ్డాయని అది చెబితే, చూసిన లెక్కను రెట్టింపు చేస్తారు.

అయితే షరతులున్నాయి. గీతలను జంతువులుండే చోటు చూసి వేయకూడదు. గీత మీదున్నది ఏదీ తప్పిపోకూడదు. జంతువు బెదిరి కదలకముందే దాని చోటు గుర్తించాలి. దూరం కొలవాలి, ఊహించకూడదు. గీత దగ్గర జంతువులు తక్కువగా, కాస్త అవతల ఎక్కువగా కనిపిస్తే, అవి మనల్ని చూసి జరిగి ఉండవచ్చు. అప్పుడు లెక్క తగ్గిపోతుంది.

గుర్తుంచుకోండి: చూసినవాటి అడ్డదూరమే చూడనివాటి లెక్క చెబుతుంది.