తీర్పు కాగితం, ఇంటి దారి



రాజకీయ నాటకం గురించి మాట్లాడమన్నారు. నాటకంలోని దేశం గురించి, కాలం గురించి ఏమీ తెలియని ప్రేక్షకుడికి కూడా అధికారం ఎట్లా నడుస్తుందో కళ్లకు కట్టే నాటకం ఎట్లా పుడుతుంది? దీనికి మన ప్రాంతం కథే అన్నిటికంటే మంచి ఉదాహరణ అని నా నమ్మకం. అందుకే బందగీ అనే ఒక్క రైతు కథ దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను.

1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి ‘మా భూమి’ నాటకం రాశారు. దాన్ని ప్రజానాట్యమండలి వాళ్లు ఆడారు. ఆడింది ఎక్కడ? నైజాం ఏలుబడిలో ఉన్న మన దగ్గర కాదు, అప్పటి మద్రాసు రాష్ట్రంలోని ఆంధ్ర జిల్లాల్లో. అక్కడ వేల మంది చూశారు. చివరకు మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. ఆ ప్రేక్షకుల్లో చాలామంది దేశ్‌ముఖ్‌ను ఎన్నడూ చూసినవాళ్లు కారు. వాళ్లకూ జమీందార్లు తెలుసు కానీ మన గడీ, మన వెట్టి, మన మాలీపటేలు, పోలీసుపటేలు తెలియవు. అయినా వాళ్లకు అర్థమైంది. ఎట్లా అర్థమైందన్నదే నా ప్రశ్న.

ఆ నాటకానికి ఊపిరి షేక్ బందగీ కథ. జనగామ ప్రాంతంలోని కామారెడ్డిగూడెంలో ఆయన చిన్న రైతు. సోదరుడితో భూమి తగాదా వచ్చింది. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి ఆ సోదరుడి పక్షం చేరాడు. బందగీ లొంగలేదు. కోర్టుకెక్కి ఏళ్ల తరబడి తిరిగాడు. తీర్పు ఆయన పక్షానే వచ్చింది. ఆ తర్వాత దేశ్‌ముఖ్ మనుషులు దారి కాచి ఆయన్ను చంపారు. 1940ల మొదటి రోజుల మాట ఇది. ఆ దారి పక్కనే ఆయన సమాధి ఉంది. హిందువులు, ముస్లింలు అని లేకుండా జనం అక్కడికి పోయి మొక్కుతారు.

ఈ కథలో రెండు సంగతులు చూడండి. మొదటిది, దొర ఆ ఇంట్లోకి కత్తి పట్టుకొని రాలేదు, పెద్దమనిషిగా వచ్చాడు. అన్నదమ్ముల మధ్య చీలిక పడితే చాలు, తీర్పు చెప్పే మనిషి కావాల్సి వస్తుంది. తీర్పు చెప్పేవాడికి ఒక పక్షం రుణపడుతుంది. ఆ రుణమే ఆయన చేతిలో తాళంచెవి. గడీ గోడ ఎంత ఎత్తున్నా, ఊరి మీద పెత్తనం నడిచేది ఇట్లా ఇళ్లలో పడిన చీలికల గుండానే. ఇది అర్థం కావడానికి నిజాం వంశావళి చదవనక్కరలేదు. పంపకాల రోజున అన్నదమ్ములు మాటలు మానేసిన ఇల్లు ఏ ఊళ్లో లేదు?

రెండోది నన్ను ఇప్పటికీ వదలని సంగతి. కోర్టులో బందగీ గెలిచాడు. కానీ కోర్టు నుంచి ఇంటికి నడవాలి కదా. తీర్పు రాసిన కాగితం న్యాయాధికారిది, నడిచే దారి మాత్రం దొరది. చట్టం ఎక్కడి దాకా వస్తుందో, ఏ మలుపు దగ్గర ఆగిపోతుందో ఆ దారి చెప్పేస్తుంది. నాటక రచయితకు ఇంతకు మించిన రంగస్థలం ఎవరిస్తారు?

మేం డిగ్రీ చదివే రోజుల్లో ఈ కథనే చిన్న నాటికగా కట్టి ఒక పల్లెలో ఆడాం. మొదటి రంగంలో సూత్రధారి వచ్చి దివానీ, సర్ఫేఖాస్, జాగీరు అని నైజాం భూముల తరగతులన్నీ వివరించాడు. అది రాసింది నేనే. జనం ముచ్చట్లలో పడ్డారు, పిల్లలు నిద్రపోయారు. తర్వాత బందగీ పాత్రధారి కాగితాన్ని మడిచి రుమాలులో కట్టుకొని నడవడం మొదలుపెట్టాడు. ఎదురుగా వచ్చే మనిషి, ఏమీ అనకుండా, పక్కకు తప్పుకున్నాడు. ఇంకొకడూ తప్పుకున్నాడు. మూడోవాడు తల దించుకొని వెళ్లిపోయేసరికి ముందు వరుసలో కూర్చున్న ముసలమ్మ “పోకు బిడ్డా, ఎనక్కి రా” అని గట్టిగా అరిచింది. ఆమెకు మా వివరణ చెవికెక్కలేదు. ఎదురైన మనుషులు తప్పుకోవడం మాత్రం ఆమెకు తెలిసిన భాష. తర్వాతి ఊళ్లో సూత్రధారి రంగం తీసేశాం.

భాష మారినా ఇదే పని చేస్తుంది. విజయ్ తెండూల్కర్ మరాఠీలో రాసిన ‘ఘాశీరామ్ కొత్వాల్’ 1972లో పుణేలో మొదలై 1980లో ఐరోపా దాకా పోయింది. అక్కడివాళ్లకు పేష్వాలంటే ఎవరో ఏం తెలుసు? వాళ్లు చూసింది ఒక బేరాన్ని. పుణేలో దొంగతనం నింద పడి దెబ్బలు తిన్న ఘాశీరాం తన కూతుర్ని పేష్వాల మంత్రి నానా ఫడ్నవీస్‌కు అప్పగించి కొత్వాల్ పదవి తీసుకుంటాడు. రాత్రి బయటకు రావాలంటే అతని పరవానా కావాలి. ఒకరాత్రి దక్షిణాది నుంచి వచ్చిన బ్రాహ్మణులు కొందరు అతని చెరలో ఊపిరాడక చనిపోతారు. చరిత్రలో వాళ్లు తెలంగ బ్రాహ్మణులు, 1791 నాటి సంగతి. మనవాళ్ల చావు ఆ కథలో ఉందని మనకే చాలామందికి తెలియదు. జనం తిరగబడగానే నానా ఒక కాగితం మీద సంతకం చేసి ఘాశీరాంను గుంపుకు వదిలేస్తాడు. నానాకు మాత్రం ఏమీ కాదు. పదవి ఇచ్చిన చెయ్యీ, తీసేసిన చెయ్యీ ఒకటే. ఆ సంతకం చూస్తే చాలు, పేష్వాల చరిత్ర చదవకపోయినా బెర్లిన్ ప్రేక్షకుడికి తన దేశం గుర్తొస్తుంది.

అయితే ఇందులో ఒక ప్రమాదం ఉంది, అది దాచకుండా చెప్పాలి. ఎవరికైనా అర్థం కావాలన్న తాపత్రయంలో దొరను ఉత్త దుర్మార్గుడిగా చేసేస్తాం. నిజానికి దేశ్‌ముఖ్ బలం అతని స్వభావంలో లేదు. శిస్తు వసూలు చేసే కుటుంబాలవి. సాలార్‌జంగ్ సంస్కరణలతో ఆ వసూలు హక్కు పోయింది, బదులుగా రుసుము వచ్చింది. కానీ లెక్కలు తెలిసినవాళ్లు వాళ్లే కాబట్టి సాగు భూములు వాళ్ల పేర పట్టాలయ్యాయి. దొర మంచివాడైనా ఆ పట్టా అట్లాగే ఉంటుంది. ఈ ముక్క పోతే నాటకంలో మిగిలేది మంచీ చెడూ కొట్లాటే. నేను వాడే పరీక్ష ఒకటుంది. దొర పాత్రలో సౌమ్యుడైన మనిషిని పెట్టి చూడండి. అప్పుడూ బందగీ దారి మీద పడిపోతే మీ నాటకం అధికారం గురించి చెప్తున్నట్టు. పడిపోకపోతే మీరు రాసింది ఒక చెడ్డవాడి కథ.

బి. నరసింగరావు నిర్మించిన 1979 నాటి ‘మా భూమి’ సినిమా ఈ పరీక్షలో నెగ్గుతుంది. దాని మూలం కిషన్ చందర్ ఉర్దూ నవల, దర్శకుడు గౌతం ఘోష్ కలకత్తా మనిషి. బయటివాడు కాబట్టి అర్థం చేసుకోవాల్సింది ముందు ఆయనే. అందుకే అందులో మాటల కంటే పనులు ఎక్కువ కనిపిస్తాయని నాకనిపిస్తుంది. 1948 సెప్టెంబరులో సైన్యం వస్తుంది, పారిపోయిన దొర ఆ వెనకే ఊళ్లోకి తిరిగొస్తాడు. ప్రభుత్వం మారింది, భూమి మళ్లీ పాత చేతుల్లోకి పోతోంది. ఆ రాకను చూసినవాడికి పోలీసు చర్య మీద పాఠం అక్కర్లేదు.

ఈ నర్సంపేటకు దగ్గర్లోనే పాకాల చెరువుంది. చిన్నప్పుడు మా తాత చెప్పేవాడు, కరువు ఏడాదిలో తూము ఎత్తేది నీరటివాడే అయినా, ఎప్పుడు ఎత్తాలో అతనికి తెలియదని. పటేలు మాట రావాలి, ఆ మాట చీకట్లో ఎవరి గుమ్మం దగ్గర ఆగి వచ్చిందో కింది పొలం రైతుకు తెలిసేది తెల్లారాక మడి ఎండితేనే. మధ్యాహ్నం సభలో మన యువ రచయితలు తమ నాటికలు చదువుతారు. వాళ్లలో ఎవరైనా ఆ రాత్రిని రాసుంటే వినాలని ఉంది: చెరువు కట్ట, ఒక లాంతరు, తూము దగ్గర నిలబడి మాట కోసం ఎదురుచూస్తున్న నీరటి.